ఇరవైమూడో నెంబరు ముఖం

గౌరీశ్వరి గారు మేడమెట్లెక్కి, గుమ్మం పట్టుకుని, ఆయాసం తీరకముందే వేలు చాపింది.

"ఇదిగో, ఈ పిల్లే. మాకొచ్చిన ఫోటోలో ఉన్నది ఈ పిల్లే."

ఆ వేలు చూపిన దిక్కున కంప్యూటరు ముందు బాలామణి కూర్చుని ఉంది. తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. వెనక గోడ ఉంది, గోడకి లక్ష్మీదేవి క్యాలెండరు ఉంది. లక్ష్మీదేవిని చూపించి పిల్ల అనే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి ఆ వేలు తనకేనని అర్థమై, బాలామణి లేచి నిలబడింది.

అది రాయగడ బజారులో రామమూర్తి గారి పప్పుల గోడౌను మీది గది. కింద కందిపప్పు బస్తాలు, చింతపండు బుట్టలు. పైన వర్తక సంఘం వారి వధూవరుల సమాచార కేంద్రం. చింతపండు వాసన మెట్లెక్కి వచ్చి పెళ్లికొడుకుల జాతకాలక్కూడా పట్టేసేది. రామమూర్తి గారు సంఘానికి అధ్యక్షుడు, బాలామణి ఆ గదికి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి. 2003 మాఘమాసం, ముహూర్తాల రోజులు.

గౌరీశ్వరి గారిది విజయనగరం. ఆవిడ వెనకాలే గుణుపురం బియ్యం వ్యాపారి శంకరరావు గారు పైకొచ్చారు. ఆయన చేతిలో ఒక వివరాల కాగితం ఉంది, మడిచి మడిచి నలిగిపోయింది. దాన్ని టేబులు మీద పరిచారు. పేరు శాంతిప్రియ. తండ్రి శంకరరావు, గుణుపురం. నక్షత్రం ఆయన కూతురిదే, చదువు ఆయన కూతురిదే. మూలనున్న ఫోటో మాత్రం బాలామణిది.

"నిన్న మా ఇంటికి పెళ్లిచూపులకొచ్చేరు వీళ్లు. పిల్లని తెచ్చి కూర్చోబెట్టేం. ఈ తల్లి మా పిల్లని చూసింది, సంచీలోంచి కాగితం తీసి చూసింది, మళ్లీ మా పిల్లని చూసింది. ఒక పిల్లని చూపించి ఇంకో పిల్లని కట్టబెడదామనుకున్నారేటని పదిమందిలో అడిగింది. మా పిల్ల పీట మీంచి లేచి ఎల్లిపోయింది. రాత్రి నుంచి మెతుకు ముట్టలేదు," అన్నారు శంకరరావు గారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాలామణికి కాస్త తేలిగ్గా ఉండేది.

"నాకేం తెలీదు బాబాయ్," అంది బాలామణి.

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాది? ఈ మెషినుకి తాళమేస్తే నువ్వు, తీస్తే నువ్వు. నీకు సంబంధాలు కుదరటం లేదని మా పిల్ల పేరు కింద నీ ముఖం తోసేవా?"

బాలామణి ఆ కాగితాన్ని ముందుకి లాక్కుని మళ్లీ చూసింది. ఈ కేంద్రంలో కూర్చున్నన్నాళ్లూ ఎందరో తల్లులు, తండ్రులు తమ పిల్లల ఫోటోలు నమ్మి ఆమె చేతికిచ్చారు. ఆ నమ్మకం మీదే ఆమె బతుకు నడుస్తోంది. అది పోతే ఉద్యోగం ఒక్కటే పోయి ఊరుకోదు. ఈ బజారులో ఒక ఆడపిల్ల గురించి మాట పుడితే అది రాయగడలో పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి పార్వతీపురం చేరుతుంది, దారిలో నాలుగు చేతులు మారి లావవుతుంది.

బాలామణి తండ్రి మునిగుడ స్టేషను బజారులో చింతపండు, చీపుర్లు కొని అమ్మేవాడు. ఆయన పోయాక తల్లి సూర్యావతి, కూతురితో రాయగడ చేరి, అప్పడాలు వత్తి పిల్లని డిగ్రీ దాకా లాక్కొచ్చింది. తర్వాత బాలామణి కొరాపుట్‌లో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటరు కోర్సు చేసింది. ఆ రోజుల్లో కంప్యూటరు నేర్చిన ఆడపిల్లంటే బజారంతా వింతగా చూసేది. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లూ అలాగే చూసి, అలాగే వెళ్లిపోయేవారు. నల్లటి, సన్నటి పిల్ల. తండ్రి లేడు. కట్నం గురించి ఎవరడిగినా సూర్యావతి, "మా పిల్లకి ఉద్యోగముంది," అనేది, అక్కడితో ఆ మాట ముగిసేది.

2000 దీపావళికి రామమూర్తి గారు సంఘం తరఫున కంప్యూటరు కొన్నారు. ఫోటోలన్నీ అందులో పెట్టాలన్నారు. దానికి ఒక కారణముంది. మనవాళ్లు ఆడపిల్ల ఫోటో పరాయి చేతుల్లో ఉండనివ్వరు. ఇవాళ ఇచ్చి, వారం తిరక్కుండా వెనక్కి పట్టుకుపోతారు. అందుకని వచ్చిన ఫోటోని స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగిచ్చేయడం ఆ కేంద్రం పద్ధతి. కాగితం మీద ఫోటో అక్కడ మిగలదు. మెషిన్లో ఉన్నదే ముఖం.

మొదటి ఏడాది బాలామణి కోర్సులో నేర్పినట్టే చేసింది. యాక్సెస్ అనే ప్రోగ్రాంలో ఒక పట్టిక కట్టింది. పేరు, గోత్రం, నక్షత్రం, చదువు, వాటి పక్కనే ఫోటోకి ఒక గడి. ఫోటోని తెచ్చి ఆ గడిలోనే అతికించేది. పేరూ ముఖమూ ఒకే వరసలో, ఒకే మూటలో. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ ఆ మూట డిస్కులో చోటంతా తినడం మొదలుపెట్టింది. బయట చిన్నగా ఉన్న ఫోటో ఆ గడిలోకి వెళ్లగానే ఉబ్బి ఇరవై ముప్పై రెట్లయ్యేది. ఎవరికైనా పెళ్లయి వివరాలు తీసేసినా మూట తగ్గేది కాదు, దాన్ని నొక్కి కుదించాలి, కుదించడానికి డిస్కులో అంతే చోటు ఇంకా కావాలి. పొద్దున్న తెరిచి, కిందికెళ్లి టీ తాగొచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. ఫ్లాపీలోకి కాపీ తీద్దామంటే ఏనుగుని చేటలో కూర్చోబెట్టినట్టే.

ఆ మొదటి ఏడాదే ఎండాకాలంలో ఒక ఫోటో ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక ఆ మూట తెరుచుకోలేదు. ఒక్క ఫోటో కాదు, పట్టిక మొత్తం, అందరి పేర్లూ, అందరి ముఖాలూ లోపల తాళం పడిపోయాయి. రెండు రోజులు రిపేరు చేస్తే మళ్లీ తెరుచుకుంది. ఆ రెండు రోజుల్లో బాలామణి ఎంత బెదిరిందంటే, హార్డ్ డిస్కు విప్పించి కొరాపుట్ పట్టుకెళ్లి, సీడీ రాసే మెషిను ఉన్న చోట ఆ మూటనంతా ఒక సీడీలో రాయించుకొచ్చింది. తర్వాత నెల రోజులు కూర్చుని ఒక్కో ఫోటోనీ పట్టికలోంచి తెరిచి, బయట ఒక ఫోల్డరులో విడి ఫైలుగా దాచింది. పట్టికలో ఫోటో ఉన్న చోట ఇప్పుడు దారి మాత్రమే ఉంటుంది. ఫలానా డ్రైవులో, ఫోటో అనే ఫోల్డరులో, ఇరవైమూడు అనే ఫైలు అని. పేరు తెరిస్తే, ఆ దారి పట్టుకుని వెళ్లి మెషిను ఆ ఫైలుని తెచ్చి చూపిస్తుంది. పట్టిక ఒక ఫ్లాపీలో పట్టేంత చిన్నదైంది, చిటికెలో తెరుచుకునేది. రామమూర్తి గారు మెచ్చుకుని, కోడలికి కొన్న చీరల్లో మిగిలిన ఒకటి ఆమెకి ఇచ్చారు. అది రంగు పోయే చీరని ఉతికాక తెలిసింది, అది వేరే సంగతి.

ఇప్పుడు అదే మెషిను ముందు ఆ ముగ్గురూ నిలబడి ఉన్నారు. కింద కొట్లోంచి రామమూర్తి గారూ, ఆయన కొడుకు పెద్దబ్బాయీ కూడా పైకొచ్చారు.

"ఏటమ్మీ ఇది?" అన్నారు రామమూర్తి గారు కాగితం చూసి.

"ఈ కాగితం నేను ప్రింటు తియ్యలేదు బాబాయ్."

"నానే తీసేను," అన్నాడు పెద్దబ్బాయి. "సంఘం రిజిస్ట్రేషను పనిమీద నువ్వు కొరాపుట్ ఎల్లినప్పుడు. వరస పెట్టి ప్రింటు కొట్టి, కవర్లలో పెట్టి పోస్టు చేసేను. ప్రింటరులోంచి బోర్లా పడతాయి కదా, ముఖాలు సూస్తూ కూకోలేదు."

బాలామణి కూర్చుని మొదటి ఏడాది పట్టిక తెరిచింది. నెంబరు ఇరవైమూడు కొట్టింది. శాంతిప్రియ పేరొచ్చింది. దాని పక్కన తన ముఖం వచ్చింది. రాయగడ స్టూడియోలో అమ్మ బలవంతం మీద తీయించుకున్న ఫోటో, చెవులకి మేనత్త జూకాలు. కాగితం మీద చూసినప్పటి కంటే ఇప్పుడు ఇంకా భయమేసింది. కాగితాన్ని ఎవరో పాడు చేశారనుకోవచ్చు. ఇది తన మెషిను, తను కట్టిన పట్టిక. ఒక్క క్షణం ఆమెకి తన మీద తనకే అనుమానమొచ్చింది, నిద్రలో లేచొచ్చి నేనే చేశానా అని.

"సూసేరా? ఇంకేటి సెప్పాలి?" అన్నారు శంకరరావు గారు.

దారి గడిలోకి చూసింది. పాత ఏడాది ఫోటోలు చేర్చే అటక ఫోల్డరు, ఇరవైమూడు. దారి సరిగ్గానే ఉంది. తర్వాతి నెంబరు నొక్కింది. ధనశ్రీ, ఊరు తెరుబలి, ఎమ్మెస్సీ. ఫోటోలో గుబురు మీసంతో గురువులు గారు నవ్వుతున్నారు. నలభై దాటినా పెళ్లి కాక, ఏడాదికోసారి వివరాలు తిరగరాయించుకునే గుడారి ఊరి కిరాణా కొట్టు గురువులు గారు.

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే పెద్దబ్బాయి నేల మీద దొర్లి నవ్వేవాడు.

బాలామణి ఇంకోటి నొక్కింది. ఇంకోటి నొక్కింది. పెళ్లికొడుకు పేరు కింద పెళ్లికూతురు, పెళ్లికూతురు పేరు కింద ఎవరో బట్టతలాయన. మొదటి ఏడాది వాళ్లలో దాదాపు ఎవరి ముఖమూ వాళ్లకి లేదు. గౌరీశ్వరి గారు నోటికి పవిటకొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్క పిల్ల చేసిన మోసమనుకుని వచ్చిన మనిషికి ఊరి ఊరంతా ముఖాలు మారిపోయి కనిపిస్తే ఏమంటుంది?

"ఈ ముఖాలు మొదటి ఏడాదివి కావు," అంది బాలామణి నెమ్మదిగా. "రెండో ఏడాదివి. నా వివరాలు రెండో ఏడాదిలో ఇరవైమూడు. గురువులు గారివి ఆ ఏడాది ఇరవైనాలుగు."

అని ఊరుకుంది. ఎందుకంటే ఆ మాట అంటుండగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

దీపావళికి వర్తకులు కొత్త ఖాతా తెరుస్తారు. పాత పద్దు పుస్తకాలకి పసుపు గుడ్డ చుట్టి అటకెక్కిస్తారు, కొత్త పుస్తకం ఒకటో నెంబరుతో మొదలవుతుంది. పాతది గల్లా పక్కన ఉండకూడదు. కంప్యూటరుకీ అదే మర్యాద జరగాలని రామమూర్తి గారు పట్టుబట్టారు. మెషినుకి పసుపు కుంకుమలు పెట్టి, మౌసుకి కూడా బొట్టు పెట్టి, పాత ఏడాది ఫోటోలన్నీ ఫోటో ఫోల్డరులోంచి తీసి అటక అనే ఫోల్డరులోకి చేర్చాలి. కొత్తవి మళ్లీ ఒకటి నుంచి. మొదటి దీపావళికి ఆ పని బాలామణే చేసింది. అటక ఖాళీగా ఉంది, ఫోటోలు హాయిగా వెళ్లి కూర్చున్నాయి. పట్టికలో దారులు కూడా మార్చేసింది. ఏ తంటా రాలేదు.

రెండో దీపావళికి అటకలో అప్పటికే ఒకటి ఉంది, రెండు ఉంది, ఇరవైమూడు ఉంది. ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఇమడవు. ఇది ఆమెకి తెలుసు. తెలిసీ ఆ రోజు తట్టలేదు, ఎందుకంటే ఆ రోజు ఆమె మెషిను దగ్గర లేదు.

"పెద్దబ్బాయన్నా, పోయిన దీపావళికి ఫోటోలు అటకెక్కించినప్పుడు మెషిను నిన్నేదో అడిగింది. జ్ఞాపకముందా?"

పెద్దబ్బాయి నుదురు రుద్దుకున్నాడు. "అడిగింది. ఇంగ్లీసులో పెద్ద రాత. నాను నిన్నే అడిగేను గదా, నువ్వు మెట్ల మీద కూకుని ఉన్నావు. ఏదో అడుగుతంది అమ్మీ అంటే..." అని ఆగిపోయాడు.

"దేనికైనా ఎస్ అనీయమన్నాను," అంది బాలామణి.

అప్పుడు లోపల గంట మోగుతోంది, కర్పూరం వెలుగుతోంది, ముహూర్తం దాటిపోతోంది బేగి కానీయండని రామమూర్తి గారు కేకలేస్తున్నారు. మెషిను అడిగింది ఒకటే. ఇక్కడ ఇదే పేరుతో ఫైలు ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టనా అని. పెద్దబ్బాయి వ్యాపారి కొడుకు. ఒక్కో దానికీ అవునవునని చెబుతూ కూర్చునే ఓపికెక్కడిది? 'ఎస్ టు ఆల్' అని ఒక మీట కనిపిస్తే దాన్ని నొక్కేశాడు. మెషిను మారు మాటాడకుండా మొదటి ఏడాది ముఖాల మీద రెండో ఏడాది ముఖాలు పెట్టేసింది. రెండు రోజుల తర్వాత వచ్చి బాలామణి దారులు మార్చింది. ఫైలు లేకపోతే లేదని మెషిను గోల పెట్టేది. ఇప్పుడు ప్రతి దారి చివరా ఏదో ఒక ఫైలు ఉంది, అందుకే కిమ్మనలేదు. ఆ ఫైల్లో ఎవరున్నారన్నది దారికి తెలీదు, పట్టికకీ తెలీదు. మొదటి ఏడాది వాళ్లలో చాలామందికి పెళ్లిళ్లయిపోయాయి, వాళ్ల వివరాలు తెరిచే పనే పడలేదు. బీఎడ్ చదువు కోసం ఆగిన కూతురి వివరాలు మళ్లీ బయటికి పంపమని ఈ మాఘంలో శంకరరావు గారు అడిగేదాకా ఆ ముఖాలు అలాగే కూర్చున్నాయి.

ఇదంతా చెప్పింది బాలామణి. శంకరరావు గారు తల అడ్డంగా ఊపారు.

"బాగుంది కథ. అంత తెలిసిన దానివి, ఆ వేళ మెట్ల మీద కూకోవడం దేనికి? మెషిను దగ్గర నువ్వుండాలి గదా."

బాలామణి రామమూర్తి గారి వంక చూసింది. ఆయన క్యాలెండరు చూస్తున్నారు. పెద్దబ్బాయి కిటికీలోంచి బజారు చూస్తున్నాడు. ఆ గదిలో కారణం తెలిసిన మగవాళ్లిద్దరికీ ఒక్కసారే మెడలు పక్కకి తిరిగిపోయాయి. బాలామణికి ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

"నేనా వేళ బయటున్నాను బాబాయ్. ముట్టు. పూజ జరిగే గదిలోకి రావద్దని, గుమ్మం దాటొద్దని వీళ్లే అన్నారు. లోపల మెషిను ఏం అడిగిందో నాకు కనపడలేదు. ఎస్ అనమన్న తప్పు నాదే. అది ఒప్పుకుంటాను. మీ అమ్మాయి పేరు కింద నా ముఖం తోసేనన్నది మాత్రం ఒప్పుకోను."

నలుగురు పెద్దల ముందు ఒక ఆడపిల్ల ఆ మాట పైకి అనడం ఆ గది ఎప్పుడూ వినలేదు. శంకరరావు గారు కుర్చీలో కూర్చుండిపోయారు. నమ్మారో లేదో చెప్పడం కష్టం, కానీ మళ్లీ తోసేవన్న మాట ఆయన నోట రాలేదు.

"మా పిల్ల ఫోటో మరి? అది పోయినట్టేనా?" అన్నారు.

బాలామణి బీరువా తీసి కొరాపుట్ సీడీ పట్టుకొచ్చింది. ఆ పాత మూటని, అందరూ తిట్టుకున్న ఆ బరువు మూటని సీడీలోంచి డిస్కులోకి కాపీ చేయడం మొదలుపెట్టింది. తెర మీద కాగితాలు ఒక ఫోల్డరులోంచి ఇంకో ఫోల్డరులోకి ఎగురుతూనే ఉన్నాయి. పెద్దబ్బాయి టీలు తెప్పించాడు, అవి చల్లారిపోయాయి. కరెంటు పోకూడదని బాలామణి దండం పెట్టుకుంటోంది.

తెరుచుకుంది. ఇరవైమూడు కొట్టింది. శాంతిప్రియ పేరు, ఆ పేరు పక్కనే, అదే వరసలో అతికించి, గుండ్రటి ముఖం, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ.

"నిన్న సూసిన పిల్ల ఈ పిల్లే," అంది గౌరీశ్వరి గారు.

శంకరరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మరి ఇంత మంచి పద్ధతి ఎందుకు మానీసేవమ్మీ? పేరు ఎక్కడుంటే ముఖం అక్కడే ఉన్నాది. ఎవుడు అటకెక్కించినా కలిసే ఎక్కుతాది."

"ఉంటాది బాబాయ్. కానీ ఆ మూట చెడితే మీ అమ్మాయి ఒక్కర్తే పోదు, అందరూ కలిసి పోతారు. ఒకసారి పోబోయేరు కూడా. విడిగా పెట్టడం తప్పు కాదు. విడిగా పెట్టినప్పుడు ఒకసారి ఇచ్చిన నెంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు, పెట్టిన చోటినించి కదపకూడదు, పట్టికకి కాపీ తీస్తే ఫోటోలకీ తియ్యాలి. ఆ మూడూ నేను చెయ్యలేదు."

సీడీ రాయించిన తర్వాత మొదటి ఏడాదిలో చేరిన వాళ్ల ఫోటోలు అందులో లేవు. వాళ్లలో కొందరి ముఖాలు అటక మీదా లేవు, ఇంకెక్కడా లేవు. వాళ్లందరి ఇళ్లకీ వెళ్లి, జరిగింది చెప్పి, మళ్లీ ఫోటోలు అడగాలి. కానీ బాలామణి ముందు చెప్పాల్సింది చెప్పేసింది.

"బాబాయ్, ఇకమీద ఏ ఏడాది నెంబరూ ఒకటి నుంచి మొదలవ్వదు. ఆగిన చోటినించే సాగుతాది. దీపావళికి పాత ఫోటోలు ఎక్కడికీ కదలవు. నేను ఏ స్థితిలో ఉన్నా మెషిను దగ్గర నేనే కూర్చుంటాను. అలాక్కాదంటే ఈ తాళాలు తీసుకోండి."

రామమూర్తి గారు క్యాలెండరు మీంచి చూపు దించారు. తాళాల గుత్తి ముందుకొచ్చింది, ఆయన ముట్టుకోలేదు. "ఉంచమ్మీ," అన్నారు. "లక్ష్మి పూజకి నిన్ను బయట కూకోబెట్టి సూసేం గదా ఏటైందో."

శంకరరావు గారు లేచారు. కూతురికి చెప్పాలని, ఆఖరి బస్సు అందుకోవాలని తొందరపడ్డారు. మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చి, "తప్పు మాటన్నాను," అని బాలామణి తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయారు. ఆమెకి అప్పుడు కళ్లనీళ్లాగలేదు.

గౌరీశ్వరి గారు మాత్రం కదల్లేదు. కొంగు సర్దుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇరవైమూడో నెంబరు సరిచూద్దామని బాలామణి తెరిచిన రెండో ఏడాది పట్టికలో ఆమె ఫోటో తెర మీద ఉంది.

"నిజం సెప్పాలంటే," అంది నెమ్మదిగా, "మా అబ్బాయి శ్రావణ్‌కుమార్ ఈ ఫోటో సూసే ఒప్పుకున్నాడు. నాకూ అంతే. ఏటి కళ, ఏటి కళ, లక్ష్మీదేవి నడిచొచ్చినట్టుందని మా ఆడపడుచులందరికీ చూపించేను. ఆ పిల్ల మాట ఇంక కుదరదు, నేనే సెడగొట్టుకున్నాను. నీకు అమ్మ ఉన్నాది కదూ? నీ వివరాలు మాకెందుకు రాలేదమ్మీ?"

రామమూర్తి గారి ముఖం వెలిగింది. పెద్దబ్బాయి కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు. పొద్దున్నించీ పడిన యాతనకి ఇలాంటి ముగింపు దొరికితే ఎవరికి బాగుండదు? బాలామణికీ ఒక్క క్షణం బాగానే ఉంది. ఎప్పుడూ లేనిది ఒకరు తన ముఖంలో కళ ఉందన్నారు. చెవులు వేడెక్కాయి.

అప్పుడామెకి గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఆ రోజు మొత్తంలో వేలు చూపించినప్పుడు కూడా లేనంతగా నిర్ఘాంతపోయింది. తెర మీద తన వివరాలు కిందికి జరిపింది. ఎవరెవరికి పంపారో, వాళ్లేం జవాబు రాశారో రాసుకునే గడి అది. అందులో తనే, తన చేత్తోనే, వచ్చిన కార్డు చూసి మాట పొల్లు పోకుండా ఎక్కించింది.

"వచ్చేయి పిన్నీ," అంది. "పోయిన శ్రావణంలో మీకే పంపించేను. మీ జవాబు కూడా ఉంది. చదవనా?"

గౌరీశ్వరి గారు తలూపింది.

"'తండ్రి లేని పిల్ల, ఉద్యోగం చేస్తున్నట్టు రాశారు. ఫోటో చూశాం. ముఖంలో కళ లేదు. క్షమించగలరు. గౌరీశ్వరి, విజయనగరం.'"

గోడౌనులో ఎవరో బస్తా దించిన చప్పుడు పైకి వినిపించింది. గౌరీశ్వరి గారు తెర వంక చూసింది, బాలామణి వంక చూసింది, మళ్లీ తెర వంక చూసింది.

"అది వేరే ఫోటో అయ్యుంటాది," అంది.

"లేదు పిన్నీ. అదే ఫైలు. అప్పుడు నా పేరుతో వచ్చింది, ఇప్పుడు శాంతిప్రియ పేరుతో వచ్చింది."

గౌరీశ్వరి గారు సంచీ తీసుకుని, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. పెద్దబ్బాయి ఆవిడని రిక్షా ఎక్కించడానికి వెనకాలే వెళ్లాడు. బాలామణి సీడీని గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టి, ఫోటోలు మళ్లీ అడగాల్సిన ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టింది.